రిపోర్టు చేతికొచ్చేదాకా

రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. స్కానింగు, మామోగ్రామ్ అయ్యాయి. డాక్టరుగారు ఫిల్ములు చూసి "ముక్క తీసి పరీక్షకు పంపుదాం" అన్నారు. మత్తు ఇంజెక్షను ఇచ్చి సూదితో కొన్ని సన్నని ముక్కలు తీయడం కాసేపట్లోనే అయిపోయింది. రసీదు చేతిలో పెట్టి వారం తర్వాత రమ్మన్నారు. ఆ వారం గడవడం సూది పోటుకంటే ఎన్నో రెట్లు కష్టమని అనుభవించినవాళ్ళందరూ చెబుతారు. వాళ్ళకు ఇంట్లో దొరికే సలహా మాత్రం ఒక్కటే: "ఏమీ కాదులే, ధైర్యంగా ఉండు." ఈ అధ్యాయం మిమ్మల్ని ధైర్యంగా ఉండమని అడగదు. ఈ రోజుల్లో భయం పూర్తిగా పోదు, పోగొట్టే ప్రయత్నంలోనే చాలామంది అలసిపోతారు. భయానికి మేత వేస్తున్నవాటిని మాత్రం ఒక్కొక్కటిగా తీసేయవచ్చు. అందులో పెద్దది ఏమిటంటే, నిరీక్షణలో జరిగే ప్రతి చిన్న విషయాన్నీ తీర్పుగా చదువుకోవడం. ఫోను రాకపోతే తీర్పు, వస్తే తీర్పు, రిపోర్టు ఒక రోజు ఆలస్యమైతే తీర్పు. ఆ అలవాటును ఆపితే బరువులో చాలా భాగం దిగుతుంది.

ముందుగా ఒక మాట. మీ బాధ అతి కాదు. 2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు కొందరు వాలంటీర్లకు కంప్యూటర్ ఆట ఒకటి ఇచ్చారు. తెర మీది రాయి కింద పాముంటే చేతికి చిన్న కరెంటు షాకు తగులుతుంది. షాకు తప్పదని ముందే తెలిసినప్పటికంటే, తగులుతుందో లేదో సగంసగంగా ఉన్నప్పుడు ఒత్తిడి ఎక్కువగా కనిపించింది. బయాప్సీ విషయంలోనూ ఇలాంటి ఆధారమే ఉంది. అమెరికాలో రొమ్ము బయాప్సీ చేయించుకున్న స్త్రీల లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనును కొలిచిన అధ్యయనం 2009లో వెలువడింది. ఐదో రోజుకీ ఫలితం తెలియనివాళ్ళ కార్టిసాల్ తీరు, ఏమీ లేదని తెలిసినవాళ్ళకు దూరంగా, క్యాన్సర్ అని తెలిసినవాళ్ళకు దగ్గరగా ఉంది. అంటే జబ్బు ఉందో లేదో తేలకముందే శరీరం ఆ బరువు మోస్తోంది. నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, గుండె దడ మీ పిరికితనానికి గుర్తులు కావు. లోపల క్యాన్సర్ ఉందనడానికి అసలే గుర్తులు కావు.

మరి ఆ వారం రోజులూ ల్యాబులో ఏం జరుగుతుంది? ఇది తెలియకపోవడం వల్లే మనసు అక్కడి ఖాళీని చెడ్డ ఊహలతో నింపుతుంది. తీసిన ముక్కలను వెంటనే ఫార్మలిన్‌లో వేస్తారు. కణాలు చెడకుండా గట్టిపడటానికి ఇది అవసరం. రొమ్ము ముక్కలు అందులో కనీసం ఆరు గంటలు ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. తొందరపడి ముందే తీసేస్తే తర్వాత చేసే హార్మోను పరీక్షలు తప్పుగా రావచ్చు. ఆ తర్వాత ముక్కల్లోని నీటిని ఆల్కహాలుతో తొలగించి, కరిగిన పారఫిన్ మైనంలోకి ఎక్కిస్తారు. ఈ పని సాధారణంగా ఒక రాత్రంతా యంత్రంలో సాగుతుంది. మర్నాడు మైనపు దిమ్మను మైక్రోటోమ్ అనే పరికరంతో నాలుగైదు మైక్రాన్ల మందాన పొరలుగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగులు వేస్తారు. అప్పటికిగానీ పాథాలజిస్టు మైక్రోస్కోపు కింద చూడటం కుదరదు. చూశాక కూడా అనుమానం ఉంటే అదే దిమ్మను ఇంకా లోతుగా కోయమంటారు, వేరే రంగులు వేయమంటారు, లేదా తోటి పాథాలజిస్టుకు చూపిస్తారు. వీటిలో ప్రతిదానికీ ఒకటి రెండు రోజులు పడతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒంగోలులో ఉండే నలభై ఆరేళ్ళ టీచరమ్మకు విజయవాడలో గురువారం మధ్యాహ్నం బయాప్సీ చేశారనుకోండి. ముక్కలు సాయంత్రానికి ల్యాబు చేరతాయి. శుక్రవారం వాటిని పరిశీలించి, కొలిచి, రాత్రికి యంత్రంలో పెడతారు. శనివారం దిమ్మ, పొరలు, రంగులు. ఆదివారం సెలవు. సోమవారం పాథాలజిస్టు స్లైడు చూసి, ఇంకో రకం రంగు పరీక్ష అవసరమనుకుంటారు. అది బుధవారానికి తయారవుతుంది. గురువారం రిపోర్టు రాసి సంతకం పెడతారు. ఎవరూ అశ్రద్ధ చేయలేదు, వారం గడిచింది. కానీ ఈమె సోమవారం సాయంత్రం ఫోను చేస్తే "ఇంకా రాలేదమ్మా, డాక్టరుగారు చూస్తున్నారు" అని జవాబొస్తుంది. ఆ మాట వెనక ఏదో దాస్తున్నారని ఆమెకు రాత్రంతా నిద్ర ఉండదు. నిజానికి ఆ మాటకు ఉన్నదున్నట్టుగా ఒకటే అర్థం: ఇంకా చూస్తున్నారు.

"కొన్నిసార్లు ఆలస్యానికి నిజంగానే చెడ్డ కారణం ఉంటుంది కదా?" అని మీరడగవచ్చు. ఉంటుంది, అది దాచాల్సిన పనిలేదు. క్యాన్సర్ కనిపించినప్పుడు ఈఆర్, పీఆర్, హెర్ టూ అనే పరీక్షలు ఐహెచ్‌సీ పద్ధతిలో చేస్తారు, దానికి మరికొన్ని రోజులు పడతాయి. అయితే మామూలు గడ్డా, అనుమానించాల్సిన గడ్డా అని తేల్చుకోవడానికీ ఐహెచ్‌సీ వాడతారు. లోతు కోతలకూ, రెండో అభిప్రాయానికీ, పండగ సెలవుకూ, యంత్రం మొరాయించడానికీ అదే ఆలస్యం కనబడుతుంది. ఇన్ని కారణాలకు ఒకే ముఖం ఉన్నప్పుడు ఆ ముఖం చూసి కారణం చెప్పలేం. ఎవరైనా "ఐహెచ్‌సీకి పంపాం" అంటే ఊహించుకోకుండా "దేనికోసం పంపారు?" అని డాక్టరుగారినే అడగండి. అడిగి తెలుసుకోగల విషయాన్ని ఊహకు వదలకపోవడం, కింది సూచనలన్నిటికీ మూలం.

1. ఆసుపత్రి వదిలేముందే నాలుగు విషయాలు కాగితం మీద రాయించుకోండి.

రిపోర్టు ఏ రోజుకు రావచ్చు, మరీ ఆలస్యమైతే ఏ రోజుకు? ఎవరికి, ఏ నంబరుకు ఫోను చేయాలి? రిపోర్టు ముందు మీ ఫోనుకు వస్తుందా, డాక్టరు దగ్గరికి వెళుతుందా? చదివి వివరించడానికి డాక్టరుగారు ఏ రోజు, ఏ వేళకు కలుస్తారు? "వారంలో వస్తుంది" అన్న మాట సరిపోదు. దాన్ని మనసు ఆరో రోజు అని పట్టుకుంటుంది, ల్యాబు మాత్రం పనిదినాలు లెక్కపెడుతుంది. పై టీచరమ్మ రసీదు మీద "వచ్చే గురువారం, ఆలస్యమైతే ఆపై సోమవారం. ఆ సోమవారం పదకొండింటికి ముందు ఫోను చేయక్కర్లేదు" అని ఉంటే మొదటి సోమవారం రాత్రి అంత నరకంగా ఉండేది కాదు. గడువు ముందే తెలిసినప్పుడు దానికి ముందున్న మౌనం మామూలు మౌనంగా మిగులుతుంది. గడువు దాటితే మాత్రం మొహమాటపడకుండా ఫోను చేయండి. రిపోర్టు వచ్చి కూడా ఎవరూ చెప్పకపోవడం ఎక్కడైనా జరగవచ్చు. ఫోను రాకపోతే అంతా బాగున్నట్టే అని అనుకోవడం కూడా పొరపాటే.

2. స్కానింగు రిపోర్టులోని అంకెను ఉన్నంత వరకే చదవండి.

మామోగ్రామ్ రిపోర్టు చివర బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. బయాప్సీకి పంపినవాళ్ళలో చాలామందికి అది 4. ఆ అంకె చూసి "క్యాన్సర్ నాలుగో స్టేజి" అని కుప్పకూలిపోయేవాళ్ళు ఉన్నారు. బైరాడ్స్‌కూ స్టేజికీ సంబంధం లేదు. అది అనుమానం ఎంత ఉందో చెప్పే కొలత మాత్రమే. 4ఏ అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండు నుంచి పది, 4బీ అంటే పది నుంచి యాభై, 4సీ అంటే యాభై నుంచి తొంభై ఐదు. 5 అంటే తొంభై ఐదు, ఆపైన. 0 అంటే ఇంకా ఫిల్ములు కావాలని. మీది 4ఏ అయితే గడ్డ మామూలుది కావడానికే అవకాశం చాలా ఎక్కువ. 4సీ అయితే "ఏమీ కాదులే" అన్న ఓదార్పుకు ఆధారం తక్కువ, ఆ వారాన్ని వైద్యం గురించి ఆలోచించుకోవడానికి వాడటం మేలు. రొమ్ము బయాప్సీల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కానివేనన్న మాట తరచు వింటాం. అది ప్రధానంగా అమెరికాలాంటి చోట్ల, ఏ లక్షణమూ లేకుండా మామోగ్రామ్‌లు చేయించుకునేవాళ్ళ లెక్క. మన దగ్గర చాలామంది గడ్డ తగిలాకే వస్తారు కాబట్టి ఆ లెక్కను యథాతథంగా మీకు అన్వయించుకోకండి. మీ వయసు, మీ స్కాను చూసిన డాక్టరు చెప్పేదే మీ లెక్క.

3. భయపడటానికి ఒక వేళ పెట్టండి.

వినడానికి వింతగా ఉన్నా ఇది 1980ల నుంచి మానసిక వైద్యంలో వాడుతున్న పద్ధతి. రోజూ ఒకే చోట, ఒకే సమయానికి, ఉదాహరణకు సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా కూర్చుని మనసులో తిరుగుతున్నదంతా రాయండి. మిగతా వేళల్లో ఆలోచన వస్తే దాన్ని తరిమేయకండి. "సాయంత్రం చూస్తాను" అని ఒక్క మాట చీటీ మీద రాసి పనిలోకి వెళ్ళండి. ఆరింటికి ఆ చీటీలు ముందు పెట్టుకుని రెండు వరుసలుగా విడదీయండి. మీరు చేయగలిగినవి ఒకవైపు: బీమా కార్డు వెతకడం, బడిలో సెలవు చెప్పడం, డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు. మీ చేతిలో లేనివి రెండోవైపు. మొదటి వరుసలో ఒకటి మర్నాడు చేసేయండి. రెండో వరుసను రాసి వదిలేయండి. పడుకునేముందు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు, నిద్ర చెడుతుంది. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, అర్ధరాత్రి ఫోనులో గడ్డ ఫొటోలు, బతికే శాతాలు వెతకడం. ల్యాబులో ఏం జరుగుతుందో తెలుసుకోవడం భయాన్ని తగ్గిస్తుంది, ఎందుకంటే అది మీ విషయంలో నిజంగా జరుగుతున్నది. ఇంకా పేరు పెట్టని జబ్బుకు బతుకు శాతాలు చదవడం మీకు వర్తించని సమాచారాన్ని మీ మీదికి తెచ్చుకోవడం.

4. బుద్ధిని పూర్తిగా పట్టుకునే పని ఎంచుకోండి.

టీవీ పెట్టుకుని కూర్చుంటే కళ్ళు తెర మీద, మనసు రిపోర్టు మీద ఉంటాయి. కాలిఫోర్నియాలో నిరీక్షణ మీద ఏళ్ళ తరబడి పరిశోధించిన కేట్ స్వీనీ అనే మనస్తత్వవేత్త బృందం 2019లో చూపించింది ఇదే. వేళ తెలియనంతగా ఏదైనా పనిలో లీనమైనవాళ్ళకు నిరీక్షణ కాస్త తేలికపడింది. ఆ పని మరీ సులువుగా ఉండకూడదు, చేతకానంత కష్టంగానూ ఉండకూడదు, ఎంత వరకు వచ్చిందో కంటికి కనబడాలి. కొత్త ముగ్గుల చుక్కలు లెక్కపెట్టి వేయడం, జాకెట్టు కుట్టడం, పరీక్ష పేపర్లు దిద్దడం, ఆవకాయకు ముక్కలు కొట్టించి కలపడం, పదకేళి నింపడం లాంటివి. బయాప్సీ చేసిన వైపు చేత్తో ఒకటి రెండు రోజులు బరువులు ఎత్తకండి. సూది దిగినచోట కమిలి నీలంగా కావడం మామూలే. ఇంకో మాట. నిరీక్షణలో ఆందోళన మొదటి రోజుల్లోనూ, చివరి రోజుల్లోనూ ఎక్కువ, మధ్యలో కొంత తగ్గుతుందని అదే బృందం పరిశోధనలు చెబుతాయి. ఆరో రోజు దడ మళ్ళీ పెరిగితే అది అపశకునం అనుకోకండి. ముందే తెలుసు కనుక బాగా లీనం కాగల పనిని ఆ చివరి రెండు రోజులకు దాచిపెట్టుకోండి.

5. రిపోర్టు ఎవరు తెరవాలో మీరే ముందుగా నిర్ణయించండి.

మన ఇళ్ళలో రిపోర్టు తరచు కొడుకు చేతికో, భర్త చేతికో ముందు వెళుతుంది. వాళ్ళు మనసు చిక్కబట్టుకుని "ఏం లేదులే" అనే ప్రయత్నం చేస్తారు. ప్రేమతోనే చేస్తారు. కానీ దాచే అవకాశం ఉందని తెలిసిన మనిషికి ఇంట్లోవాళ్ళ ప్రతి ముఖకవళికా మరో రిపోర్టు అవుతుంది. అందుకే ఇవాళే స్పష్టంగా చెప్పండి: "ఏది వచ్చినా నాకు చెప్పండి. డాక్టరుగారి ఎదుట ఇద్దరం కలిసి విందాం." తెలుసుకోవడం ఇష్టం లేకపోతే అదీ చెప్పండి, అది మీ హక్కు. ఫోనుకు రిపోర్టు వచ్చే పద్ధతి ఉంటే, శనివారం రాత్రి సందేశం మోగితే ఏం చేస్తారో ఆలోచించుకోండి. అర్థం చెప్పేవాళ్ళు సోమవారం దాకా దొరకకపోతే ఆ రెండు రాత్రులూ అర్థం కాని ఇంగ్లీషు మాటలతో గడపాలి. డాక్టరును కలిసే రోజుకే తెరుస్తానని ముందే అనుకుంటే చెయ్యి ఆగుతుంది. చుట్టాలందరికీ చెప్పాల్సిన అవసరమూ లేదు. ఇద్దరికి చెప్పండి, మిగతావాళ్ళకు కబురు అందించే పని వాళ్ళలో ఒకరికి అప్పగించండి.

6. రెండు జవాబులకే కాదు, మూడో జవాబుకూ సిద్ధపడండి.

అందరూ ఉందా, లేదా అనే రెండు జవాబుల కోసమే చూస్తారు. రిపోర్టులో మూడోది కూడా ఉండవచ్చు. మన టీచరమ్మకు గురువారం వచ్చిన రిపోర్టులో "ఎటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియా" అని ఉందనుకోండి. ఇది క్యాన్సర్ కాదు, పూర్తిగా మామూలూ కాదు. సూదికి అందిన ముక్కల్లో కణాలు తేడాగా ఉన్నాయి, పక్కన ఇంకేమైనా ఉందేమో చూడటానికి సాధారణంగా ఆ భాగాన్ని చిన్న ఆపరేషనుతో తీసి మళ్ళీ పరీక్షిస్తారు. అంటే మళ్ళీ నిరీక్షణ. ఇంకో పరిస్థితీ ఉంది. రిపోర్టు మామూలుదని వచ్చినా, స్కాను చూస్తే గట్టి అనుమానం ఉన్నప్పుడు రెండూ పొసగలేదని బయాప్సీ మళ్ళీ చేస్తారు. ఇది తప్పు జరిగిందనడానికి కాదు, జాగ్రత్తకు గుర్తు. కాబట్టి డాక్టరును కలిసినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: ఇది మామూలుదా, క్యాన్సరా, ఇంకా తేల్చాల్సిందా? స్కాను చెప్పినదానితో ఇది సరిపోయిందా? తర్వాతి అడుగు ఏమిటి, ఎప్పటిలోగా? వినేటప్పుడు సగం చెవికెక్కదు కాబట్టి పక్కనున్నవాళ్ళను రాసుకోమనండి.

ఇప్పుడు రెండు అభ్యంతరాలకు జవాబు చెప్పాలి. మొదటిది: "ఇంత ఆలోచించడమెందుకు, మంచే జరుగుతుందని గట్టిగా నమ్మితే పోదా?" స్వీనీ బృందం 2016లో, లా పట్టా తీసుకుని లాయరు పరీక్ష రాసి నాలుగు నెలలు ఫలితం కోసం చూసిన అభ్యర్థులను గమనించింది. ఆశావాదం తెచ్చిపెట్టుకోవడం, ఆలోచన అణచుకోవడం లాంటి ఉపాయాలు ఆ నెలల బాధను పెద్దగా తగ్గించలేదు. పైగా ఆందోళనపడుతూ చెడ్డ ఫలితానికీ మనసు సిద్ధం చేసుకున్నవాళ్ళు, అది వచ్చినప్పుడు త్వరగా తేరుకుని తర్వాతి పని చూసుకున్నారు. మంచిది వచ్చినప్పుడు ఎక్కువ సంతోషించారు. పరీక్షా, క్యాన్సరూ ఒకటి కావు, నిజమే. అయినా ఇందులో మనకు పనికొచ్చేది ఒకటుంది. భయపడుతున్నందుకు మిమ్మల్ని మీరు నిందించుకోవడం అనవసరపు రెండో బరువు. "నెగటివ్‌గా ఆలోచిస్తే అలాగే అవుతుంది" అనేవాళ్ళ మాట పట్టించుకోకండి. ముక్కల్లోని కణాలు బయాప్సీ రోజునే ఫార్మలిన్‌లో స్థిరపడ్డాయి, మీ ఆలోచన వాటిని మార్చలేదు.

రెండోది ఇంకా లోతైన భయం: "సూది గుచ్చారు, ఒకవేళ క్యాన్సరైతే పాకిపోదా? ఈ రోజులు వృథా కావా?" రొమ్ములో సూది బయాప్సీ వల్ల జబ్బు ముదిరి ప్రాణానికి ముప్పు పెరుగుతుందనడానికి ఆధారం లేదు, ప్రపంచమంతటా రోగ నిర్ధారణకు ఇదే ప్రామాణిక పద్ధతి. చికిత్స ఆలస్యం మీద జరిగిన అధ్యయనాలు వారాలు, నెలల ఆలస్యం గురించి హెచ్చరిస్తాయి, ల్యాబుకు పట్టే కొద్ది రోజుల గురించి కాదు. ఆ కొద్ది రోజులు సరైన మందు ఎంచుకోవడానికి పనికొస్తాయి. అయితే రొమ్ము కొద్ది రోజుల్లోనే ఎర్రబడి, వేడిగా వాచి, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడుతుంటే, లేదా సూది పోటు దగ్గర చీము, జ్వరం, ఆగని రక్తం ఉంటే గడువు కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

చివరిగా, ఎప్పుడు సాయం అడగాలో తెలుసుకోండి. రెండు మూడు రాత్రులు అసలు నిద్ర లేకపోయినా, అన్నం లోపలికి దిగకపోయినా, ఊపిరాడనట్టు దడ పదే పదే వస్తున్నా మీ డాక్టరుకు చెప్పండి. ఇంట్లో ఇంకెవరికో రాసిచ్చిన నిద్రమాత్ర వేసుకోకండి, మీ బీపీ, షుగరు మాత్రలు ఈ హడావిడిలో మానకండి. ఆత్మహత్య ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకండి. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఇక ఇవాళ్టికి చేయాల్సింది ఒక్కటే. రసీదు తీసి, మొదటి సూచనలోని నాలుగు ప్రశ్నల్లో దేనికి జవాబు లేదో చూసి, రేపు ఉదయం పది దాటాక ఆసుపత్రికి ఫోను చేసి అడగండి.